తులం మీద ఎంత నష్టం ఓర్చుకోవాలి? బంగారం పతనాన్ని కొలిచే లెక్క

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లు తెరిచీ తెరవగానే జరిగే పనుల్లో ఒకటి, బోర్డు మీద నిన్నటి రేటును తడిగుడ్డతో తుడిచి ఇవాళ్టి రేటు రాయడం. ఇప్పుడు చాలా అంగళ్లలో ఆ పనిని మెరిసే అంకెల డబ్బా చేస్తోంది గానీ పద్ధతి మాత్రం అదే, నిన్నటి అంకె అక్కడ మిగలదు. మా చిన్నాయన మాత్రం గోడ క్యాలెండరు గడిలో పాల లెక్క పక్కనే తులం రేటు కూడా రాసిపెట్టేవారు. ఏడాది చివర క్యాలెండరును పారేయకుండా చుట్టి అటక మీద పెట్టడం చూసి ఇంట్లో అందరూ నవ్వుకునేవాళ్లం. బంగారం ఉంచుకున్నవాడు ఎంత నష్టానికి సిద్ధపడి ఉండాలో తేల్చాలంటే కావలసింది సరిగ్గా ఆ క్యాలెండర్లేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నష్టం అనేది ఇవాళ్టి అంకెలో ఉండదు, ఇవాళ్టి అంకెకూ ఎప్పుడో దాటివచ్చిన అతి పెద్ద అంకెకూ మధ్య ఉన్న దూరంలో ఉంటుంది.

ఈ విషయంలో రెండు వేర్వేరు ప్రశ్నలను జనం ఒకటిగా కలిపేస్తుంటారు. ధర రోజువారీగా ఎంత ఊగుతుంది అన్నది మొదటిది. దీన్ని మార్కెట్‌వాళ్లు వోలటాలిటీ అంటారు, పత్రికలు ఒడుదొడుకులు అని రాస్తాయి. ఒక శిఖరం నుంచి ధర ఎంత లోతుకు జారింది, ఎంతకాలం అక్కడే ఉండిపోయింది అన్నది రెండోది. దీనికి డ్రాడౌన్ అన్న మాటే వాడుకలో ఉంది. మొదటి ప్రశ్నకు జవాబు ఏ ఆర్థిక వెబ్‌సైటులోనైనా దొరుకుతుంది. ఇంట్లో బంగారం పెట్టుకున్నవాడికి అసలు అవసరమైన రెండో జవాబును మాత్రం ఎవరికి వారు, తమ రూపాయల్లో, తమ కొనుగోలు తీరును బట్టి కట్టుకోవలసిందే.

వోలటాలిటీని కట్టే విధానం సులువైనదే. ప్రతి రోజు ధర ముందురోజుతో పోలిస్తే ఎంత శాతం మారిందో రాసుకుని, ఆ మార్పులు వాటి సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో ప్రామాణిక విచలనం ద్వారా కొలుస్తారు. బంగారం విషయంలో దీర్ఘకాలంలో అది రోజుకు సుమారు 1 శాతం వస్తుంది. ఏడాదిలో మార్కెట్ పనిచేసే రోజులు దాదాపు 252 కనుక, రోజు లెక్కను ఏడాది లెక్కగా మార్చడానికి 252 వర్గమూలంతో, అంటే దాదాపు 16తో గుణిస్తారు. అలా వచ్చేదే బంగారానికి తరచుగా చెప్పే 15, 16 శాతం వార్షిక వోలటాలిటీ. మూడేళ్లలో రెండేళ్లపాటు ఫలితం సగటుకు అటూ ఇటూ 16 శాతం లోపలే ఉండవచ్చని దీని అర్థం. మిగిలిన ఆ ఒక్క ఏడాదిలో ఏమవుతుందన్న విషయంలో ఈ అంకె మౌనంగా ఉంటుంది.

ఆ మౌనం ఎంత ఖరీదైనదో 2013 ఏప్రిల్ 15న తెలిసింది. ఆ ఒక్క రోజు అంతర్జాతీయ ధర సుమారు 9 శాతం పడింది, అంతకు ముందు శుక్రవారం కూడా బాగా పడింది. రోజుకు 1 శాతం ఊగే వస్తువు ఒకే రోజున 9 శాతం పడడం, మార్పులన్నీ పాఠ్యపుస్తకంలోని గంట ఆకారపు వక్రరేఖ ప్రకారమే నడిచేటట్లయితే, మనిషి జీవితకాలంలో కాదు కదా భూమి ఆయుష్షులో కూడా జరగకూడదు. కానీ జరిగింది. నిజమైన ధరలకు ఆ వక్రరేఖ చెప్పేదాని కంటే పెద్ద పతనాలు చాలా ఎక్కువసార్లు వస్తాయి కనుక, వోలటాలిటీని రెండుతోనో మూడుతోనో గుణించి అంతకు మించి పడదు అనుకోవడం పొరపాటు.

అంతకంటే మౌలికమైన లోపం ఇంకొకటి ఉంది. వోలటాలిటీకి మార్పుల పరిమాణమే తెలుసు, వాటి వరుస తెలియదు. ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక వస్తువు పన్నెండు నెలల్లో ఆరు నెలలు 4 శాతం చొప్పున పెరిగి, ఆరు నెలలు 4 శాతం చొప్పున తగ్గిందనుకుందాం. పెరుగుదల, తగ్గుదల ఒకటి విడిచి ఒకటి వస్తే 100 రూపాయలు 104 అయి, మళ్లీ 100కు కాస్త దిగువకు వచ్చి, అలాగే ఊగుతూ ఏడాది చివరకు 99 రూపాయల చిల్లర దగ్గర తేలుతుంది. దారిలో శిఖరం నుంచి జరిగిన అతి పెద్ద పతనం 5 శాతం కూడా ఉండదు. అవే పన్నెండు మార్పులు తగ్గే నెలలన్నీ ముందు, పెరిగే నెలలన్నీ వెనుక వచ్చేటట్లు వరుస మారితే 100 రూపాయలు ఆరు నెలలకు 78 అవుతుంది, అంటే దాదాపు 22 శాతం పతనం. ఆ తర్వాత కోలుకుని సరిగ్గా అదే 99 చిల్లర దగ్గర ఆగుతుంది. రెండు దారుల వోలటాలిటీ ఒక్కటే, ఏడాదికి సుమారు 14 శాతం, చివరి ధరా ఒక్కటే. నాలుగో నెలలో కూతురి కాలేజీ ఫీజు కోసం అమ్మవలసి వచ్చినవాడికి మాత్రం రెండు దారులూ ఒకటి కావు.

అందుకే డ్రాడౌన్‌ను విడిగా కట్టాలి. ప్రతి రోజుకూ, ఆ రోజు వరకు వచ్చిన అత్యధిక ధర ఎంతో చూసి, ఇవాళ్టి ధర దానికంటే ఎంత శాతం కింద ఉందో రాసుకోవడమే ఇందులోని పని అంతా. కంప్యూటరులో ఎక్సెల్ షీటు ఉంటే A వరుసలో తేదీ, B వరుసలో ధర పెట్టుకుని, C వరుసలో అప్పటివరకు శిఖరం, D వరుసలో డ్రాడౌన్, E వరుసలో రోజువారీ మార్పు వచ్చేటట్లు కింది మొదటి మూడు సూత్రాలను రాసి ధరలున్నంత మేర కిందికి లాగి, మిగిలిన రెండింటిని పక్కన ఖాళీ గడుల్లో రాస్తే చాలు. చివరి రెండింటిలో మొదటిది అన్నింటికంటే లోతైన పతనాన్ని, రెండోది షీటులోని మొదటి ఏడాది వోలటాలిటీని ఇస్తుంది.

```
C2: =MAX(B$2:B2)
D2: =B2/C2-1
E3: =LN(B3/B2)
=MIN(D2:D2500)
=STDEV.S(E3:E254)*SQRT(252)
```

ఇందులో అందరూ కాలు జారే చోటు సూత్రంలో లేదు, B వరుసలో ఏ ధరలు పోశామన్న దానిలో ఉంది. ఏటేటా సగటు ధరల పట్టిక ఒకటి చాలాకాలంగా ఫోన్లలో తిరుగుతోంది. దాని ప్రకారం పది గ్రాముల మేలిమి బంగారం 2012లో 31 వేల చిల్లర, 2015లో 26 వేల 3 వందల చిల్లర. ఆ పట్టికను షీటులో పోస్తే ఆ దశాబ్దపు అతి పెద్ద పతనం 15 శాతం అని వస్తుంది. రోజువారీ ధరలను పోస్తే అదే కాలంలో పతనం అంతకు దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. సగటు అనేది శిఖరాన్నీ లోయనూ రెండింటినీ నరికి చదును చేస్తుంది. ఏడాది సగటు ధరకు బంగారం కొన్నవాడెవడూ లేడు, ఏదో ఒక రోజున ఆ రోజు బోర్డు రేటుకు కొన్నవాళ్లే అందరూ.

ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే రోజువారీ లండన్ ధరల చరిత్ర చూస్తే మూడు పతనాలు ప్రత్యేకంగా నిలుస్తాయి. 1980 జనవరి 21న ఔన్సు 850 డాలర్లకు చేరిన బంగారం, 1999 వేసవికి 252 డాలర్ల దాకా దిగింది. అది 70 శాతం పతనం, మళ్లీ 850ని చూసేసరికి 2008 జనవరి వచ్చింది. ఆ 2008లోనే మార్చిలో 1,011 డాలర్ల దాకా ఎక్కి, ప్రపంచ ఆర్థిక సంక్షోభం ముదిరిన అక్టోబరులో 712కు, అంటే ఏడు నెలల్లో 30 శాతం పడింది. సంక్షోభంలో బంగారం పెరుగుతుందన్న నమ్మకానికి ఇది కాస్త ఇబ్బంది కలిగించే ఉదాహరణ. నగదు కోసం అందరూ ఒకేసారి వెతుక్కునేటప్పుడు అమ్ముడుపోయే వస్తువునే ముందుగా అమ్ముతారు. ఇక 2011 సెప్టెంబరు మొదటి వారంలో 1,895 డాలర్లున్న ధర 2015 డిసెంబరు 17న 1,049కి చేరడం మూడోది. ఈ 45 శాతం పతనం నుంచి బయటపడడానికి 2020 జులై వరకు, దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. ప్రొద్దుటూరులోనో అనంతపురంలోనో 2011లో బంగారం కొన్నవాళ్లెవరికీ సగానికి సగం పోయిన జ్ఞాపకం లేదు. వాళ్ల జ్ఞాపకం తప్పు కాదు. మన బోర్డు రేటు మూడు అంకెల గుణకారం. లండన్‌లో ఔన్సు ధర, డాలరుకు రూపాయల మారకం, దిగుమతి సుంకం. ఔన్సు అంటే 31.1 గ్రాములు. 2011 సెప్టెంబరులో డాలరు 46 రూపాయలు, 1,895 డాలర్లను 46తో హెచ్చించి 31.1తో భాగించి, పదితో గుణిస్తే పది గ్రాములు సుమారు 28 వేలు. అప్పటికి సుంకం పది గ్రాములకు కొన్ని వందలే. 2015 డిసెంబరులో డాలరు 66 రూపాయల చిల్లర, అదే లెక్కన పది గ్రాములు దాదాపు 22 వేల 4 వందలు, దాని మీద 10 శాతం సుంకం వేస్తే 24 వేల 6 వందల చిల్లర. అంటే లండన్‌లో 45 శాతంగా ఉన్న పతనం, రూపాయి బలహీనపడినందువల్ల 20 శాతానికి, సుంకం పెరిగినందువల్ల 13 శాతానికి తగ్గిపోయింది.

చాలామంది ఇక్కడే ఆగిపోయి, మన దేశంలో బంగారానికి పెద్ద పతనం ఉండదని తీర్మానిస్తారు. కానీ డ్రాడౌన్ లెక్కలో శిఖరాన్ని మనం ఎంచుకోకూడదు, ధరల వరుసే దాన్ని చూపించాలి. లండన్ శిఖరం 2011లో ఉంటే రూపాయల శిఖరం అక్కడ లేదు. 2013 ఆగస్టు 28న డాలరు 68 రూపాయల 80 పైసలకు చేరింది, సుంకం అప్పటికి రెండు వారాల ముందే 10 శాతానికి పెరిగింది, లండన్‌లో ధర అప్పటికే 1,420కి పడిపోయి ఉన్నా పది గ్రాములు ఇక్కడ సుమారు 34 వేల 5 వందలు పలికింది. మా చిన్నాయన క్యాలెండరులో ఆ వారపు గడుల్లో అంకెల కింద రెండేసి గీతలున్నాయి. రూపాయి కుదుటపడి, లండన్ ధర ఇంకా దిగి, 2015 జులై నెలాఖరుకు అదే తులం 24 వేల 5 వందల చుట్టూ తేలింది. 34,500 నుంచి 24,500కు అంటే 29 శాతం. ఇదీ ఆ దశాబ్దంలో మన బంగారం అసలు డ్రాడౌన్.

లోతు ఎంత ముఖ్యమో కాలమూ అంతే ముఖ్యం. 29 శాతం పడిన వస్తువు పాత ధరకు రావాలంటే 29 శాతం పెరిగితే చాలదు, మిగిలిన 71 మళ్లీ 100 కావాలి కనుక దాదాపు 41 శాతం పెరగాలి. 34,500 మళ్లీ కనిపించింది 2019 జూన్ ప్రాంతంలో, అంటే ఆరేళ్లకు రెండు నెలలు తక్కువ. ఆ మధ్యకాలంలో దేశంలో రిటైల్ ధరల సూచీ పాతిక శాతానికి పైగా పెరిగింది. కాబట్టి 2019లో అసలు తిరిగి వచ్చిందని ఊపిరి పీల్చుకున్నవాడి చేతిలోని 34,500తో 2013లో కొనగలిగిన సరుకులు రాలేదు. షీటు మాత్రం డ్రాడౌన్ సున్నా అని చూపిస్తుంది.

బోర్డు రేటుతో వేసిన ఈ లెక్క కూడా బిస్కెట్టు కొని బిస్కెట్టు అమ్మినవాడికే సరిపోతుంది. నగ కొన్నవాడి శిఖరం బోర్డు మీద ఉండదు, బిల్లు చివరి గీత మీద ఉంటుంది. వంద రూపాయల బంగారానికి తరుగు, మజూరి కలిపి 12 రూపాయలనుకుంటే 112, దాని మీద 3 శాతం జీఎస్టీ వేస్తే 115 రూపాయల చిల్లర. తిరిగి అమ్మేటప్పుడు బోర్డు రేటులో 2 శాతం కోత పెట్టారనుకుందాం. అంగడి గుమ్మం దాటిన క్షణంలోనే అతని 115 రూపాయలు 98 అయ్యాయి, అంటే ఏ మార్కెట్టూ కదలకుండానే 15 శాతం డ్రాడౌన్. ఆ తర్వాత బోర్డు 29 శాతం పడితే చేతికొచ్చేది 70 రూపాయల కంటే కాస్త తక్కువ, నష్టం 40 శాతం. తరుగు 18 శాతం ఉన్న పనితనపు నగ అయితే ఇంకా ఎక్కువ. మెడలో వేసుకునే సొమ్మును ఇలా లెక్కించకూడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకుంటాను, కానీ అప్పుడు దాన్ని పొదుపు అని కూడా అనకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎంత నష్టాన్ని ఓర్చుకోవాలి అన్నది. ఇది ధైర్యానికి సంబంధించిన ప్రశ్న అని అందరూ అనుకుంటారు, నా దృష్టిలో అది అవసరం తేదీకి సంబంధించిన ప్రశ్న. ఒక కుటుంబం దగ్గర 10 లక్షలున్నాయనీ, రెండేళ్లలో పెళ్లి ఖర్చుకు 8 లక్షలు తప్పనిసరిగా కావాలనీ అనుకుందాం. వాళ్లు భరించగలిగిన నష్టం 2 లక్షలు, అంతకు మించి ఒక్క రూపాయి పోయినా అప్పు చేయాలి. మొత్తం 10 లక్షలూ బంగారంలో ఉంటే వాళ్లకు 20 శాతం పతనమే హద్దు. 2013 ఆగస్టు తర్వాత రెండేళ్లలోపే 29 శాతం పడిన వస్తువు మీద ఆ హద్దు నిలవదు. కాబట్టి లెక్కను తిప్పి వేయాలి. పతనం 30 శాతం ఉండవచ్చనుకుంటే, ఎంత బంగారం మీద 30 శాతం 2 లక్షలవుతుందో చూడాలి. 2 లక్షలను 0.30తో భాగిస్తే 6 లక్షల 66 వేలు. అంతవరకు బంగారంలో ఉంచి, మిగిలిన 3 లక్షల 34 వేలు బ్యాంకు డిపాజిట్టులో ఉంటే బంగారం ఆ మేరకు పడినా పెళ్లి ఆగదు. డిపాజిట్టు మీద వచ్చే వడ్డీని నేను కావాలనే వదిలేశాను, అది చిన్న చిన్న పొరపాట్లకు సరిపోతుంది.

అయితే 30 శాతం అనే అంకెను నమ్మవచ్చా? ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. గతంలో వచ్చిన అతి పెద్ద డ్రాడౌన్ రాబోయే డ్రాడౌన్‌కు గరిష్ఠ పరిమితి కాదు, అది ఇప్పటివరకు తెలిసిన కనీసం మాత్రమే. పైగా రూపాయల్లో పతనం 29 శాతం దగ్గర ఆగడానికి బంగారం గొప్పతనం కారణం కాదు, డాలరు 46 నుంచి 66కు వెళ్లడం, సుంకం 10 శాతానికి పెరగడం కారణాలు. ఆ రెండు కవచాలూ ఎప్పుడూ ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. 2002లో 49 దగ్గరున్న డాలరు 2008 మొదట్లో 40 కంటే దిగువకు వచ్చింది, రూపాయి అలా ఆరేళ్లు బలపడిన కాలమూ ఉంది. ఆ కాలంలో లండన్ ధర పెరుగుతూ ఉండబట్టి ఎవరికీ నొప్పి తెలియలేదు. సుంకమూ రెండు వైపులా కోసే కత్తే. 2024 జులై 23న కేంద్ర బడ్జెట్టులో దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. 115 అయ్యే ధర 106 అవుతుంది కనుక కాగితం మీద అది దాదాపు 8 శాతం పతనం. ఆ ఒక్క రోజున సరుకుల ముందస్తు వ్యాపారం జరిగే ఎంసీఎక్స్‌లో పది గ్రాములకు 4 వేల రూపాయల దాకా తగ్గింది, లండన్‌లో మాత్రం చెప్పుకోదగ్గ సంఘటనేదీ లేదు. లండన్ ధరల మీద కట్టిన ఏ వోలటాలిటీలోనూ ఈ 4 వేలు కనిపించవు.

ఈ కారణాల వల్ల, తేదీ ఖాయమైన అవసరానికి దాచే డబ్బు విషయంలో రూపాయల 29 శాతాన్ని కాకుండా డాలర్ల 45 శాతాన్ని పెట్టి లెక్క వేయడం మేలనిపిస్తుంది. పై కుటుంబానికి అప్పుడు 2 లక్షలను 0.45తో భాగించాలి, బంగారంలో ఉంచదగినది 4 లక్షల 44 వేలకు దిగుతుంది. ధర పెరిగినప్పుడు ఈ జాగ్రత్తకు చెల్లించే మూల్యమూ ఉంది, 2024, 2025లలో బంగారం పెరిగిన తీరు చూసినవాళ్లకు అది పెద్ద మూల్యంగానే తోస్తుంది. కానీ ఆ పరుగులోనే 2025 అక్టోబరు 20న ఔన్సు 4,380 డాలర్లను తాకిన ధర మర్నాడు ఒక్క రోజులో 5 శాతానికి పైగా పడిందని, వారం గడిచేసరికి 4,000కు దిగువన ఉందని కూడా గుర్తుంచుకోవాలి. ధర వేగంగా ఎక్కే కాలంలో వోలటాలిటీ కూడా పెరుగుతుంది, అప్పుడు పాత 16 శాతాన్ని పట్టుకుని కూర్చోవడం పనికిరాదు. ఇటీవలి అరవై రోజుల మార్పులతో అదే సూత్రాన్ని మళ్లీ కట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. వోలటాలిటీ అనే కొలత నిజంగా ఉపయోగపడేది ఇక్కడ. ఎంత లోతు పడుతుందో అది చెప్పదు గానీ, వాతావరణం మారిందని మాత్రం ముందుగా చెబుతుంది.

ఇప్పటివరకు చెప్పినదంతా బీరువాలో ఉన్న బంగారం సంగతి. దాన్ని కుదువ పెట్టినప్పుడు ఓర్చుకోదగిన నష్టాన్ని నిర్ణయించేది యజమాని కాదు, రుణమిచ్చిన సంస్థ. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ప్రకటించిన నిబంధనల ప్రకారం ఇంటి అవసరాలకు తీసుకునే రెండున్నర లక్షల లోపు రుణానికి బంగారం విలువలో 85 శాతం వరకు, 5 లక్షలు దాటిన రుణానికి 75 శాతం వరకు ఇవ్వవచ్చు. గడువు చివర ఒకేసారి కట్టే రుణాల్లో చివరికి కట్టవలసిన వడ్డీ కూడా ఆ పరిమితిలోకే రావాలి. అంటే చిన్న రుణం తీసుకున్నవాడికి మిగిలే వెసులుబాటు 15 శాతం, పెద్ద రుణం తీసుకున్నవాడికి 25 శాతం. తక్కువ బంగారమున్నవాడికే తక్కువ పతనం తట్టుకునే శక్తి మిగులుతోందన్న సంగతి ఇక్కడ గమనించదగింది. కుదువ పెట్టే రోజున విలువ కట్టడానికి ముప్పై రోజుల సగటు ధరను కూడా చూస్తారు కనుక, 2013 ఆగస్టు లాంటి నాలుగు రోజుల శిఖరాన్ని నమ్మి రుణం ఇచ్చేయరు. అది కొంత రక్షణే.

శిఖరం దగ్గర రుణ పరిమితి సడలితే ఏమవుతుందో చూడడానికి 2020 సరిపోతుంది. కరోనా కష్టకాలంలో జనానికి నగదు అందాలని రిజర్వు బ్యాంకు, వ్యవసాయేతర అవసరాలకు బ్యాంకులు ఇచ్చే బంగారు రుణాల పరిమితిని 75 నుంచి 90 శాతానికి పెంచుతున్నట్లు ప్రకటించింది. ఆ ప్రకటన వచ్చింది 2020 ఆగస్టు 6న. లండన్‌లో మధ్యాహ్నపు ధర 2,067 డాలర్ల శిఖరాన్ని తాకింది కూడా ఆ రోజే. మర్నాడు ఎంసీఎక్స్‌లో పది గ్రాములు 56 వేలు దాటింది. సడలింపు గడువు 2021 మార్చి 31. మార్చి 30న లండన్ ధర 1,684 డాలర్లు, ఇక్కడ పది గ్రాములు 44 వేల చిల్లర. రూపాయల్లో 21 శాతం పతనం, రుణగ్రహీతకు ఇచ్చిన వెసులుబాటు వడ్డీ కలపకముందే 10 శాతం. విలువ వందకు వందగా ఉన్న రోజున 90 తీసుకున్నవాడి నగలు ఇప్పుడు 79 చేస్తాయి, బాకీ వడ్డీతో కలిపి 95 దాటుతోంది. తేడా కట్టమని చీటీ వస్తుంది, కట్టలేకపోతే వేలం.

అదే రోజున అదే ధరకు కొని బీరువాలో పెట్టినవాడు 2023 జనవరిలో మళ్లీ 56 వేలు చూశాడు. అంటే ఇరవై తొమ్మిది నెలలు. గడువు చివర ఒకేసారి కట్టే కుదువ చీటీ మీద రాసి ఉండేది పన్నెండు నెలలు.